మూడు నెలలు మనిషికా, కాగితానికా

రాజోలు బస్టాండుకి ఎదురు వీధిలో ఆ జిరాక్సు షాపు పేరుకి అప్పాజీది. జనం వచ్చేది మాత్రం ఆయన భార్య సూర్యకళ పని కోసమే. కాపీలు తీయడం, లామినేషన్ వేయడం, చలానాలు కట్టడం అప్పాజీ చూసుకుంటాడు. లోపలి బల్ల మీద కంప్యూటర్ ముందు కూర్చుని అరబిక్‌లో కాగితాలు టైపు చేసేది ఆమె. యాభై దాటిన మనిషి. కువైట్‌లో ఒకే ఇంట్లో పధ్నాలుగేళ్ళు పని చేసి వచ్చింది. గల్ఫ్‌కి దరఖాస్తు పెట్టుకునేవాళ్ళు, అక్కడి నుంచి వచ్చిన మెసేజీలు అర్థంకాని వాళ్ళు చుట్టుపక్కల ఊళ్ళనుంచి ఆమె దగ్గరికే వస్తారు. తనకి స్టాంపు లేదని, మంత్రిత్వ శాఖలకీ ఎంబసీలకీ పనికొచ్చే అనువాదం చేయాల్సింది అక్కడి లైసెన్సు ఉన్నవాళ్ళేనని ముందే చెబుతుంది. కంపెనీవాళ్ళు చదువుకోవడానికి అడిగే అనువాదం వరకే తన పని.

మే అయిదు, మంగళవారం. మధ్యాహ్నం ఎండ చుర్రుమంటున్నప్పుడు యుగంధర్ వచ్చాడు, వెనకే భార్య దుర్గాశ్రీ. ముప్పై మూడేళ్ళవాడు. పెళ్ళిళ్ళకీ ఫంక్షన్లకీ వంట చేస్తాడు. మలికిపురం వైపు అతని చేతి పులిహోర అంటే పేరు. ఒమన్‌లో ఒక క్యాటరింగ్ కంపెనీకి వంటవాళ్ళు కావాలంటే, భీమవరంలో ఒక ఏజెన్సీ ద్వారా దరఖాస్తు పెట్టాడు. వీసా కోసం చేయించే పెద్ద మెడికల్ ఇంకా ముందుంది. దానికన్నా ముందు కంపెనీ ఒక ఫిట్‌నెస్ సర్టిఫికెట్, దాని అరబిక్ అనువాదం అడిగింది. ఫిబ్రవరిలోనే పరీక్షలు చేయించుకుని ఏజెన్సీకి ఇచ్చేశాడు. అనువాదం తామే చూసుకుంటామన్నారు. ఇప్పుడేమో కంపెనీ నుంచి అరబిక్‌లో తిరుగు మెసేజ్ వచ్చింది. అందులో మూడు నెలల సంగతేదో ఉందని మాత్రం ఏజెన్సీవాళ్ళు చెప్పారు.

ఆ మెసేజ్ చూపించడానికి అతను ఫోన్ తీశాడు గానీ, చేతికివ్వడానికి జంకాడు. దుర్గాశ్రీ ఆ ఫోన్ అందుకుని బల్ల మీద పెట్టింది.

"నాకు చెప్పకుండా ఏదో దాచాడండి ఈయన," అంది. "మూడు నెలలకే పనికొస్తాడని రాశారంట డాక్టరుగారు. ఆ తరవాత ఏమవుద్దో మరి, అది చెప్పడు."

యుగంధర్ తల దించుకున్నాడు. తనకేమీ తెలియదని, పరీక్షల రోజు అన్నీ బాగున్నాయనే చెప్పారని, మెసేజ్ వచ్చిన దగ్గర్నుంచి నాలుగు రోజులుగా నిద్ర లేదని మెల్లగా చెప్పుకొచ్చాడు. రక్తంలో ఏదో తేలి ఉంటుందని, తనకి చెప్పలేక ఆ కాగితంలో రాసి ఉంటారని అనుకుంటున్నాడు. వాళ్ళ నాన్న నలభై ఏళ్ళకే కిడ్నీలతో పోయాడట. ఆ మాట అతను అనలేదు, దుర్గాశ్రీయే అంది.

సూర్యకళ ముందు కంపెనీ మెసేజ్ చదివింది. రాసింది ఆ కంపెనీ మందూబ్, అంటే గవర్నమెంటు ఆఫీసుల చుట్టూ తిరిగి పనులు చేయించే మనిషి. ఆయన మర్యాదగానే అడిగాడు. మాది రెండేళ్ళ కాంట్రాక్టు, ఈయన మూడు నెలలకే ఫిట్ అని కాగితంలో ఉంది, ఇలాంటి మనిషిని ఎలా తీసుకుంటాం, దీనికి జవాబివ్వండి అని. గవర్నమెంటు ఆఫీసులో ఫైలు మే పధ్నాలుగు గురువారం పెడతామని, ఆ రోజుకి చెల్లుబాటులో ఉన్న కాగితం పదకొండో తారీఖులోగా అందాలని చివర్న రాశాడు.

తర్వాత అనువాదం తెరిచింది. ఎవరో ఫోన్ యాప్‌లో వేసి తీసినదని చూడగానే తెలిసిపోయింది. యుగంధర్ పేరే రెండు చోట్ల రెండు రకాలుగా ఉంది. వంటవాడిగా పనికి మూడు నెలలపాటు లాయిఖ్ అని ఉంది. లాయిఖ్ అంటే తగినవాడు, ఫిట్ అన్నమాట.

"ఇది దేన్ని చూసి చేశారో అది చూపించండి బాబూ," అంది.

అతని దగ్గర ఉన్నది అసలు సర్టిఫికెట్ కాదు, దాని ఫోటో. ఏజెన్సీలో తీసింది. ఆమె దాన్ని కంప్యూటర్లోకి పంపించుకుని పెద్దది చేసింది. ఫ్లాష్ వేసి తీశారు. కాగితం మధ్యలో తెల్లటి మచ్చ పడింది. మచ్చకి పైన ఇంగ్లీషులో వంటవాడిగా ఉద్యోగానికి ఫిట్ అన్న వాక్యం ఉంది. మచ్చకి కింద, ఫలానా తేదీ నుంచి మూడు నెలలపాటు అన్న ముక్క మిగిలింది. ఆ తేదీ ఏ తేదీయో చెప్పే మాట మీద పరీక్షలు చేసిన సెంటర్ వాళ్ళ గుండ్రటి ముద్ర నీలంగా పడి ఉంది.

సూర్యకళకి సంగతి తెలిసింది. కింది వాక్యం మొదలు మచ్చలో పోయింది. యాప్ కనబడ్డ రెండు ముక్కల్నీ కలిపి ఒకే వాక్యం చేసేసింది.

"ఇలా చూడండమ్మా," అని దుర్గాశ్రీని తెరకి దగ్గరగా పిలిచింది. "ఈ మచ్చ దగ్గర వేరే వాక్యం మొదలవ్వాలి. ఈ సర్టిఫికెట్ మూడు నెలలు చెల్లుతుంది అని ఉంటాది సాధారణంగా. ఆ మూడు నెలలూ కాగితానికి. మీ ఆయనకి కాదు."

దుర్గాశ్రీ ఒకసారి భర్త వైపు చూసి, పక్కనున్న స్టూలు మీద కూర్చుని కొంగుతో మొహం తుడుచుకుంది. యుగంధర్ బయటికి వెళ్ళి రెండు నిమిషాలు ఎండలోనే నిలబడి వచ్చాడు. వచ్చాక, అయితే ఇప్పుడే సరిగ్గా రాసి పంపించేయమని అడిగాడు.

సూర్యకళ తల అడ్డంగా ఊపింది. మచ్చ కింద ఏముందో తనకి తెలుసనుకోవడం వేరు, కంటితో చూడడం వేరు. ముద్ర కింద ఉన్న మాట అయితే అసలు తెలియదు. చెల్లుబాటు పరీక్ష చేసిన తేదీ నుంచా, సర్టిఫికెట్ ఇచ్చిన తేదీ నుంచా? ఫోటోలో రెండు తేదీలూ కనబడుతున్నాయి. పరీక్ష ఫిబ్రవరి తొమ్మిదిన, ఇచ్చింది పదిహేడున. మొదటిదైతే కాగితం ఈ నెల తొమ్మిదితో ఆఖరు. రెండోదైతే పదిహేడు వరకూ ఉంటుంది. ఫైలు పెట్టేది పధ్నాలుగున. ఆ ఒక్క మాట మీదే అంతా ఉంది.

ఏజెన్సీలో ఈ దరఖాస్తులు చూసే జగన్నాథరావుకి ఆమే ఫోన్ చేసింది. ఇంతకుముందు నలుగురైదుగురిని ఆమె దగ్గరికి పంపినవాడే. అసలు కాగితం పంపమంది. అది విజయవాడ హెడ్డాఫీసులో ఉందని, వారం దాకా రాదని చెప్పాడు. మరి మంచి ఫోటో అయినా తీయించమంది. అప్పుడాయన నవ్వాడు.

"ఏంటండీ సూర్యకళ గారూ, మీకు తెలియందా. ఇచ్చిన తేదీ నుంచి అని వేసేయండి. ముద్ర కింద ఏముందో ఆళ్ళు గీకి చూస్తారా?"

"ఆళ్ళు చూడకపోవచ్చండి. నాకు కనపడలేదుగా."

"పాపం ఆ కుర్రోడి ఉద్యోగం పోద్దండి. వారం రోజుల తేడాకి మీరు పట్టుబడితే ఎలా?"

ఆమె ఆయనతో వాదన పెంచలేదు. కనబడని చోట అరబిక్‌లో చదవడానికి వీల్లేదని రాస్తానని, ఫోటో చూసి చేసింది, అసలు కాగితం చూడలేదని అడుగున వేస్తానని, అలా అయితేనే చేస్తానని చెప్పింది. అలాంటి అనువాదం తనకెందుకని, ఇక మీదట మనుషుల్ని వేరేచోటికి పంపుకుంటానని ఆయన ఫోన్ పెట్టేశాడు.

ఆ మాటలన్నీ యుగంధర్ విన్నాడు. అతని మొహం మాడిపోయింది. "అక్కా, ఒక్క మాటే కదా," అన్నాడు. "మీరు రాస్తే ఎవరికి నష్టమండీ?"

ఆ ప్రశ్నకి జవాబు ఆమె బతుకులోనే ఉంది. ఇంటర్ చదివి, ఇంగ్లీషు కాగితం చదవగలిగిన పిల్లే ఆమె. పెళ్ళయిన నాలుగేళ్ళకి కువైట్ వెళ్ళింది. ఆరు నెలల్లో అరబిక్ మాట పట్టుబడింది. చదవడం మాత్రం రాదు. అంకెలు వచ్చు కదా, అది చాలుననుకుంది. అక్కడి రెండుకీ మూడుకీ పైన ఒక కొమ్ము తేడా. చేత్తో రాసినప్పుడు ఆ తేడా కంటికి ఆనదు. రెండో ఏడు, తన అకామా, అంటే అక్కడ ఉండడానికి ఇచ్చే అనుమతి, మూడో నెల దాకా ఉందని ఇంటావిడ చీటీ మీద రాసిన అంకె చూసి అనుకుంది. అది రెండో నెల. ఇంటివాళ్ళు రెన్యూవల్ మరిచిపోయారు, ఈమె గుర్తు చేయలేదు. మార్చి మొదటి వారంలో ఊళ్ళో తల్లి చనిపోయిందని కబురొచ్చింది. టికెట్ కొనుక్కుని విమానాశ్రయానికి వెళితే గడువు దాటిపోయిందని ఆపేశారు. జరిమానా కట్టి, కాగితం సరిచేయించుకుని ఊరు చేరేసరికి పెద్దకర్మ కూడా అయిపోయింది.

మళ్ళీ కువైట్ వెళ్ళాక, ఆ ఇంటి చిన్నపిల్లాడి ఒకటో తరగతి పుస్తకం అడిగి తీసుకుంది. గిన్నెలు కడిగాక వంటగది అరుగు మీద అలిఫ్, బా అంటూ అక్షరాలు దిద్దేది. ఇంట్లో పెద్దావిడ ఒకప్పుడు బడిలో టీచరు. మొదట నవ్వింది, తర్వాత పక్కన కూర్చోబెట్టుకుని తప్పులు దిద్దింది. పిల్లాడు ఒక్కో తరగతి దాటుతుంటే ఆ పుస్తకాలన్నీ ఈమె చదివింది. ఎనిమిదో ఏటికి ఇంటికొచ్చిన ఏ కాగితమైనా పెద్దావిడకి చదివి వినిపించేది. గడువు తేదీ ఎక్కడుందో ముందు వెతకడం అప్పటినుంచీ అలవాటు.

ఇదంతా యుగంధర్‌కి ఆమె చెప్పలేదు. తల్లి సంగతి ఎవరికీ చెప్పదు. ఒకే మాట అంది.

"నష్టం మీకే బాబూ. కంపెనీ ఆ సెంటర్‌కి మెయిల్ పెట్టి అడిగితే, అసలు కాగితంలో ఒకటి, మీరు పంపినదాంట్లో ఇంకోటి ఉంటే, దొంగ కాగితం పెట్టాడంటారు. అప్పుడు ఆ కంపెనీయే కాదు, ఏ కంపెనీ తీసుకోదు. ముందు నిజం ఏంటో తెలుసుకుందాం. ఆ సెంటర్ నంబరు ఇవ్వండి."

పరీక్షలు చేసింది భీమవరంలోని ఒక ల్యాబు. నంబరు ఫోటో మీదే ఉంది. నాలుగుసార్లు రింగయ్యాక ఒకావిడ ఎత్తింది. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ల కాపీలు తమ దగ్గర కంప్యూటర్లో ఉంటాయంది. అయితే మనిషి తానే మాట్లాడాలట. యుగంధర్ ఫోన్ తీసుకుని పేరు, నంబరు చెప్పాడు. సూర్యకళ పక్కనుంచి, చివరి వాక్యం ఉన్నది ఉన్నట్టు చదవమని అడిగించింది. ఆవిడ చదివింది. ఈ సర్టిఫికెట్ పరీక్ష చేసిన తేదీ నుంచి మూడు నెలలపాటు చెల్లుతుంది.

పరీక్ష చేసిన తేదీ. అంటే ఈ నెల తొమ్మిదితో సరి. పధ్నాలుగుకి ఆ కాగితం చచ్చిన కాగితమే.

కాపీ మిషను ఆపి అప్పాజీ కూడా ఇటే చూస్తున్నాడు. యుగంధర్ నీరుగారిపోయి, ఇక వదిలేద్దామని, తన రాత ఇంతేనని లేచాడు. దుర్గాశ్రీ మాత్రం కూర్చున్నచోటి నుంచి కదల్లేదు.

"మళ్ళీ పరీక్షలు చేయించుకుంటే ఎన్ని రోజులు పడుద్దండీ?" అని అడిగింది.

సూర్యకళకి ఆ ప్రశ్నే కావాలి. మళ్ళీ ల్యాబుకి ఫోన్ చేయించి అడిగింది. వంటవాళ్ళ పరీక్షల్లో ఒకటి మూడు రోజులు పెట్టి చూడాలట. రేపు బుధవారం ఉదయం వస్తే శనివారం సాయంత్రానికి సర్టిఫికెట్ ఇస్తామన్నారు. శనివారం తొమ్మిది. ఒమన్‌లో శుక్ర, శనివారాలు సెలవు, ఆదివారం ఆఫీసులుంటాయి. పదకొండు సోమవారం. వేళ్ళ మీద లెక్కేసి, కుదురుతుందని చెప్పింది.

అప్పుడే మందూబ్‌కి జవాబు కూడా రాసింది. ముందు పంపిన అనువాదం తప్పని, ఆ మూడు నెలలూ సర్టిఫికెట్ చెల్లుబాటుకి సంబంధించినవి తప్ప మనిషి ఆరోగ్యానికి కాదని, ఆ సర్టిఫికెట్ గడువు కూడా తొమ్మిదితో అయిపోతున్నది కాబట్టి కొత్త పరీక్ష చేయించి ఆదివారానికల్లా పంపుతామని. వాక్యం వాక్యం యుగంధర్‌కి తెలుగులో చెప్పి, అతను సరేనన్నాకే అతని ఫోన్ నుంచి పంపించింది. గడువు సంగతి మనమే ఎందుకు బయట పెట్టాలని అతను ఒకసారి అడిగాడు. వాళ్ళంతట వాళ్ళకి తెలిసేలోపు మనం చెబితే నమ్ముతారని ఆమె అంది.

వెళ్ళేముందు వాళ్ళకి రెండు జాగ్రత్తలు చెప్పింది. ముద్ర అక్షరాల మీద కాకుండా ఖాళీ చోట వేయించుకోమంది. అసలు కాగితం ఎవరికీ ఇవ్వకుండా ముందు తన దగ్గరికి తీసుకురమ్మంది.

బుధవారం తెల్లవారకముందే యుగంధర్ బస్సెక్కాడు. మధ్యలో జగన్నాథరావు రెండుసార్లు ఫోన్ చేసి, కొత్త మెడికల్ అనవసరమని, తాను ఎవరితోనో రాయించి పంపేస్తానని చెప్పాడట. దుర్గాశ్రీ ఫోన్ తీసుకుని, కాగితం గడువు అయిపోతున్నట్టు కంపెనీకి ఇప్పటికే రాసేశామండి అని చెప్పింది. ఆ తర్వాత ఆయన నుంచి ఫోన్ రాలేదు.

శనివారం రాత్రికి సర్టిఫికెట్ చేతికొచ్చింది. ఆదివారం ఉదయం ఏడింటికే ఇద్దరూ షాపు దగ్గరున్నారు. ముద్ర కింద మూల ఖాళీలో పడింది. ముద్ర వేసేటప్పుడు ల్యాబు అమ్మాయి చేయి పట్టుకుని ఆపినంత పని చేశానని యుగంధర్ చెబుతుంటే, దుర్గాశ్రీ వారం తర్వాత మొదటిసారి నవ్వింది.

సూర్యకళ కాగితాన్ని గుమ్మం దగ్గర వెలుతురు పడే బల్ల మీద పరిచింది. ఫ్లాష్ ఆపి, నాలుగు అంచులూ పడేలా, ఫోన్ కాగితానికి సమంగా పట్టుకుని రెండు ఫోటోలు తీసింది. వెనకవైపు ఖాళీయే అయినా దాన్నీ తీసింది. తర్వాత కూర్చుని టైపు మొదలుపెట్టింది.

పేరు పాస్‌పోర్టులో ఉన్న ఇంగ్లీషు అక్షరాల ప్రకారం ఒకే రకంగా రాసింది, అన్నిచోట్లా. తేదీల దగ్గర మరీ నిదానించింది. పరీక్ష తేదీ ఆరు, అయిదో నెల. కాగితంలో అంకెలు, గీతలు మాత్రమే ఉన్నాయి. దాన్ని అలాగే అరబిక్‌లోకి దింపితే, కుడినుంచి ఎడమకి నడిచే వరసలో అంకెలు తారుమారై ఆరో నెల అయిదు అయ్యే ప్రమాదం ఉంది. అందుకని నెల పేరు అక్షరాల్లో వేసింది, ఆరు మాయు అని. మాయు అంటే మే. అసలు రాత కూడా ఉండాలి కాబట్టి, ఫలానా పెట్టెలో అంకెల్లో ఇలా ఉంది అని అడుగున ఒక వరస చేర్చింది.

ఫిట్ అన్న వాక్యాన్ని ఒక వాక్యంగా రాసి చుక్క పెట్టింది. చెల్లుబాటు వాక్యాన్ని కొత్త వరసలో, ఈ షహాదా అని మొదలుపెట్టింది. షహాదా అంటే సర్టిఫికెట్. మనిషికి లాయిఖ్, కాగితానికి సారియా. సారియా అంటే అమల్లో ఉన్నది. రెండు మాటలూ ఒకదానికొకటి అంటుకోకుండా చూసుకుంది.

యుగంధర్ వెనకనుంచి చూస్తూ, ఆగస్టు ఆరు వరకూ చెల్లుతుందని కూడా రాసేయొచ్చు కదా అని అడిగాడు. కాగితంలో ఆ తేదీ లేదు, లేనిది నేను కలపను, లెక్క వాళ్ళే వేసుకుంటారు అని సమాధానమిచ్చింది. ఆఖరున, అసలు సర్టిఫికెట్ చూసి అనువదించినది అని రాసి, తన పేరు, ఫోన్ నంబరు వేసింది. అంతా అయ్యాక ఇంగ్లీషు కాగితం పక్కన పెట్టుకుని మొదటినుంచి వేలు పెట్టి పోల్చుకుంటూ చదివింది. ఒకచోట రక్తపు గ్రూపు పక్కన ప్లస్ గుర్తు తప్పు వైపుకి వెళ్ళిపోయింది. సరిచేసి, ఫోటోలతో కలిపి మందూబ్‌కి పంపింది.

పదింటికి ఆమె ఫోన్ మోగింది. మస్కట్ నంబరు. మందూబ్ గొంతు గంభీరంగా ఉంది గానీ కోపం లేదు. ఈ అనువాదం చేసింది మీరేనా అని అడిగాడు. ఔనంది. చెల్లుబాటు ఏ తేదీ నుంచి అని అడిగాడు, కాగితంలో ఉన్నదే మళ్ళీ నోటితో చెప్పమన్నట్టు. తారీఖుల్ ఫహ్స్, పరీక్ష తేదీ నుంచి, మే ఆరు నుంచి అని చెప్పింది. తాను లైసెన్సు ఉన్న అనువాదకురాలిని కాదని, ప్రభుత్వానికి పెట్టాలంటే అక్కడ మళ్ళీ చేయించుకోవాల్సి ఉంటుందని కూడా చెప్పింది. అది మా పని అన్నాడాయన. తర్వాత, ఈ యాసతో అరబిక్ ఎక్కడ నేర్చుకున్నారని అడిగాడు. కువైట్‌లో, ఒక పెద్దావిడ దగ్గర అని చెప్పింది.

పధ్నాలుగున ఫైలు పెట్టారు. పంతొమ్మిదిన యుగంధర్ పేరు తీసుకున్నట్టు మెయిల్ వచ్చింది. వీసా మెడికల్‌కి ఎప్పుడు, ఎక్కడికి వెళ్ళాలో అందులో ఉంది. ఆ రోజు భార్యాభర్తలు షాపుకి వచ్చినప్పుడు సూర్యకళ పనిలో ఉంది. అమలాపురం వైపు నుంచి వచ్చిన ఒక డ్రైవర్ పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ ఫోటో తెచ్చాడు. ఫోటోలో కింది అంచు తెగిపోయి, అధికారి సంతకం, హోదా కనబడడం లేదు. ఆమె అతన్ని వెనక్కి పంపుతోంది, అసలు కాగితం తెచ్చుకోమని. వేరే షాపులో అడగలేదే అని అతను విసుక్కున్నాడు. యుగంధర్ అతన్ని పక్కకి పిలిచి తన మూడు నెలల కాగితం సంగతి చాలాసేపు చెప్పాడు. డ్రైవర్ కాగితం తేవడానికి బండి తీసుకుని ఇంటికి బయల్దేరాడు.